చెప్తే టైపు చేయగలిగే పేరు

ఇంటర్నెట్ పేరులో ఒక్క అక్షరం ఎక్కువైనందుకు మన దేశంలో ఒక వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని ముక్కలతో 'సిఫీ' అన్న మాట అల్లుకుని 1999లో sifynet.com వంటి డొమైన్లు నమోదు చేయించింది. తర్వాత మరో కంపెనీ siffynet.com తీసుకుంది. బెంగళూరు సివిల్ కోర్టు దాన్ని ఆపమంది, హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. చివరికి 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు చెప్పింది. వ్యాపార పేరుకున్న రక్షణ డొమైన్ పేరుకూ ఉంటుందని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆ రెండు పేర్లనూ పైకి చదివి చూడండి. కంటికి రెండు, చెవికి ఒకటే.

డొమైన్ పేరు తెరమీదే ఉండిపోదు. ఫోన్లో చెప్తాం, ఆటో వెనక రాయిస్తాం, పెళ్ళిలో కలిసినవాళ్ళకు నోటితో అప్పజెప్తాం. విన్నవాళ్ళు దాన్ని మళ్ళీ అక్షరాల్లోకి మార్చుకోవాలి. తప్పులు పుట్టేది అక్కడే. పైగా మామూలు డొమైన్ పేరులో వాడుకోవడానికి ఉన్నవి 26 ఇంగ్లీషు అక్షరాలు, 10 అంకెలు, ఒక హైఫన్, అంతే. మాటల మధ్య ఖాళీ కుదరదు. పెద్దబడి, చిన్నబడి తేడా కూడా ఈ వ్యవస్థకు పట్టదు. విజిటింగ్ కార్డు మీద ప్రతి మాట మొదటి అక్షరాన్నీ పెద్దబడిలో అచ్చేసినా, బ్రౌజర్ అడ్రస్ బార్‌లో అన్నీ చిన్నవైపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఈ అతుకు ఎలా కొంప ముంచుతుందో చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ అమెరికాలోది. కంప్యూటర్ నిపుణులు సందేహాలు తీర్చే 'ఎక్స్‌పర్ట్స్ ఎక్స్ఛేంజ్' అనే సేవ 1996లో expertsexchange.com పేరుతో మొదలైంది. మధ్యలో ఉన్న ఎస్ అక్షరం ఎటువైపైనా చేరగలదు. ఎడమకు చేరితే నిపుణుల వేదిక. కుడికి చేరితే లింగమార్పిడి నిపుణుడు. తర్వాత వాళ్ళు మధ్యలో హైఫన్ పెట్టుకోవలసి వచ్చింది. బహువచనపు ఎస్ ఒక్కటి మొదట్లోనే తీసేసి ఉంటే, ఆ హైఫన్ అవసరమే వచ్చేది కాదని నాకనిపిస్తుంది. ఇలాంటి పేర్లలో ముందుగా అనుమానించవలసింది మొదటి మాట చివరి అక్షరాన్నే.

మరి హైఫన్‌తో ఇబ్బంది ఏమిటి? చెప్పేటప్పుడు అది జారిపోతుంది. ఒకరు 'డ్యాష్' అంటారు, ఇంకొకరు 'మైనస్' అంటారు, మరొకరు 'మధ్యలో గీత' అంటారు. గీత అనగానే కొందరు కింద ఉండే అండర్‌స్కోర్ కొడతారు. వెబ్‌సైట్ పేరులో దానికి చోటే లేదు. ఎక్కువమంది అసలేమీ కొట్టరు. అప్పుడు వాళ్ళు చేరేది హైఫన్ లేని జంట పేరుకు. అది మీది కాకపోతే మీ కస్టమర్ వేరేవాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డట్టే. జర్మనీలో హైఫన్ పేర్లు మామూలే, అక్కడివాళ్ళకు అలవాటుంది. మన దగ్గర ఆ అలవాటు లేదు.

వెబ్‌సైట్ తప్పితే మనిషి వెంటనే గమనిస్తాడు. మెయిల్ తప్పితే ఒక్కోసారి ఎవరికీ తెలియదు. తప్పు అడ్రసు అసలు లేకపోతే ఉత్తరం తిరిగి వస్తుంది. కానీ ఆ జంట పేరును ఎవరైనా కొని, దానికి వచ్చే ప్రతి మెయిల్‌నూ అందుకునేలా పెట్టుకుంటే, పంపినవారికి వెళ్ళిందనే అనిపిస్తుంది, మీకు మాత్రం రాదు. 2011లో గోడై గ్రూప్ అనే భద్రతా సంస్థ, పెద్ద కంపెనీల మెయిల్ అడ్రసుల్లో ఒక చుక్క మర్చిపోతే ఏర్పడే పేర్లను కొని ఇలాగే చూసింది. 6 నెలల్లో 1,20,000 మెయిళ్ళు వచ్చి పడ్డాయి. అంటే పేరు కొనేముందు దాని జంటలు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూసుకోవాలి. మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే నమోదును ఎంఎక్స్ రికార్డు అంటారు. కింద example.com చోట జంట పేరు పెట్టి అడగవచ్చు.

```
whois example.com
dig +short MX example.com
```

మొదటిది పేరు ఎవరైనా తీసుకున్నారా అన్నది చెబుతుంది. రెండోదానికి ఏదైనా మెయిల్ సర్వర్ పేరు జవాబుగా వస్తే, అక్కడ వెబ్‌సైట్ లేకపోయినా మెయిల్ అందుకునే ఏర్పాటు ఉందన్నమాట.

తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టినప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. మన దీర్ఘాలకూ ఒత్తులకూ అక్కడ స్థిరమైన పద్ధతి లేదు. ఒక పచ్చళ్ళ వ్యాపారికి పేరు వెతుకుదాం. ముందు తట్టేది ఆవకాయ. మొదటి ఆ-కు a గానీ aa గానీ రాస్తారు. వ-కు v లేదా w. చివరి 'కాయ'కు kaya, kaaya, kai. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు మూళ్ళు పన్నెండు. అన్నీ కొనాలంటే ఏటా పన్నెండు పేర్లకు అద్దె కట్టాలి. సీత అన్న చిన్న మాటకే sita, seeta, sitha, seetha అని నాలుగున్నాయి. అదే గోంగూర అయితే సాధారణంగా gongura, gongoora అని రెండే. దీర్ఘాలు, త, ద, వ తక్కువగా ఉన్న మాట ఎంచుకుంటే స్పెల్లింగులు తగ్గుతాయి.

స్పెల్లింగు ఒకటే అయినా మాట ఒకటే కావాలని లేదు. manavadu అంటే మనవాడా, మనవడా? manakallu అని కళ్ళ ఆసుపత్రి పెట్టుకుంటే, కల్లు దుకాణం అనుకున్నవాళ్ళ తప్పేమీ ఉండదు. సంధి సంగతి సరేసరి. 'మన అంగడి' అని రెండు మాటలు కలిపి manaangadi అని నమోదు చేస్తే, నోట్లో అది 'మనంగడి' అయిపోతుంది. విన్నవాళ్ళు ఒక a తగ్గించే కొడతారు. అచ్చుతో అంతమయ్యే మాట పక్కన అచ్చుతో మొదలయ్యే మాట పెట్టకపోతే సగం బాధ తప్పుతుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే అంతమవుతాయి కాబట్టి, రెండోది హల్లుతో మొదలవ్వాలని పెట్టుకుంటే చాలు.

మన పచ్చళ్ళ వ్యాపారి గోంగూర పక్కన 'గంప' చేర్చాడనుకుందాం. గంపకు gampa తప్ప ఇంకో రాత సాధారణంగా రాదు. మొత్తం gonguragampa. 12 అక్షరాలు, ఒక పేరుకు అనుమతి ఉన్న 63కు చాలా లోపలే. అతుకు దగ్గర హల్లే ఉంది, సంధి భయం లేదు. ఇప్పుడు దాన్ని చిన్నబడిలో కాగితం మీద రాసి, మాటల మధ్య గీతను ఒక్కో అక్షరం జరుపుతూ చదవాలి. gongu దగ్గర ఆపితే తర్వాత ragam కనిపిస్తుంది. రాగం! అతుకుకు రెండు పక్కలా ఉన్న అక్షరాలు కలిసి, మనం పెట్టని మాటను పుట్టించాయి. ఈసారి పుట్టింది మంచి మాటే, ఉండనివ్వవచ్చు. కానీ రాసినవారి కంటికి ఇది తట్టదు, ఎందుకంటే ఎక్కడ విరవాలో వాళ్ళకు ముందే తెలుసు. అందుకే అర్థం చెప్పకుండా వేరేవాళ్ళ చేత చదివించాలి. వాళ్ళలో తెలుగు రానివాళ్ళూ ఉండాలి, ఇంగ్లీషులోనో హిందీలోనో ఏం తగులుతుందో వాళ్ళకే కనిపిస్తుంది.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోవచ్చు కదా అంటే, పెట్టుకోవచ్చు. '.భారత్' అన్న తోక తెలుగులో ఉంది. లోపల మాత్రం అది xn-- తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల కోడ్‌గా మారి ప్రయాణిస్తుంది. కొన్ని మెయిల్ వ్యవస్థలు, ఫారాలు ఇప్పటికీ అలాంటి అడ్రసును ఒప్పుకోవు. దాన్ని రెండో గుమ్మంగా ఉంచుకోవడం మేలు.

చివరి పరీక్ష ఫోన్లో. పేరును ఒక్కసారి, మామూలు వేగంతో, స్పెల్లింగు చెప్పకుండా చెప్పి, విన్నది వాట్సాప్‌లో టైపు చేసి పంపమనాలి. ఇంట్లోవాళ్ళు కాకుండా ఓ పదిమందిని అడగాలి. ఎక్కువమంది gonguragampa అని, కొందరు gongooragampa అని పంపితే రెండూ కొని, రెండోదాన్ని మొదటిదానికి మళ్ళించాలి. మూడో రూపం, నాలుగో రూపం వస్తుంటే, లేదా జంట పేరు అప్పటికే వేరేవారి దగ్గర ఉండి మెయిళ్ళు అందుకుంటూ ఉంటే, ఎంత ఇష్టపడ్డ పేరైనా వదిలేసి ఇంకోటి వెతకాలి. బోర్డు రాయించాక, జీఎస్టీ బిల్లుల మీద అచ్చేయించాక మార్చడం కన్నా అది చాలా తేలిక.