సమీక్షా వ్యాసానికి ఉపోద్ఘాత రచన: అబ్సిసిక్ ఆమ్ల సంకేత మార్గం ఉదాహరణగా

సాహిత్య సమీక్షల ఉపోద్ఘాతాలలో తరచుగా కనిపించే లోపం, ఒక్కొక్క పరిశోధకుని పేరుతో ఒక్కొక్క వాక్యాన్ని పేర్చుకుంటూ పోవడం. అలా రాసినప్పుడు మూలవ్యాసాల సారాంశ వాక్యాలే స్వల్ప మార్పులతో సమీక్షలోకి చేరతాయి. మూలాలను రచయితల వారీగా కాక, మార్గంలోని దశల వారీగా అమర్చుకుంటే ఈ లోపం చాలావరకు తొలగుతుంది. నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలను మూయించే అబ్సిసిక్ ఆమ్ల (ఏబీఏ) సంకేత మార్గాన్ని ఉదాహరణగా పరిశీలిద్దాం.

ఈ మార్గానికి ప్రధానంగా మూడు దశలున్నాయి. ఏబీఏ లేనప్పుడు పీపీ2సీ ఫాస్ఫటేజ్‌లు ఎస్ఎన్ఆర్‌కే2 కైనేజ్‌లను నిరోధిస్తాయి. ఏబీఏ తన గ్రాహకాలతో బంధించుకొన్నప్పుడు ఆ జంట ఫాస్ఫటేజ్‌లను అణచివేస్తుంది. నిరోధం తొలగిన కైనేజ్‌లు రక్షకకణాలలోని అయాన్ ఛానళ్లను ప్రేరేపించగా రంధ్రాలు మూసుకొంటాయి. ఒక్కొక్క దశకు పట్టికలో ఒక వరుస కేటాయించి, నిర్ధారణ, మొక్క, పద్ధతి, పరిమితి అనే నాలుగు గడులను సొంత మాటలలో నింపాలి. ఒకే వ్యాసం రెండు వరుసలలో చేరవచ్చు.

మూలవ్యాసాన్ని స్వయంగా చూడకుండా గడిని నింపరాదు. ఎఫ్‌సీఏ అనే ప్రొటీన్ ఏబీఏ గ్రాహకమని 2006లో ‘నేచర్’ ప్రచురించిన వ్యాసం 2008లో ఉపసంహరణకు గురైంది. 2007 నాటి సమీక్ష నుండి వాక్యాన్ని తెచ్చుకొన్న విద్యార్థి ఆ పొరపాటును కూడా తెచ్చుకొంటాడు.

పట్టిక పూర్తయిన తరువాత మూలాలను మూసివేసి, గ్రాహకాల వరుసను మాత్రమే చూస్తూ రాస్తే ఇటువంటి వాక్యం రూపొందుతుంది: “2009లో వేర్వేరు పద్ధతులను అనుసరించిన రెండు బృందాలు అరబిడాప్సిస్‌లో ఒకే గ్రాహక కుటుంబాన్ని కనుగొన్నాయి, ఒక గ్రాహకం లోపించినా తక్కినవి దాని పనిని నెరవేర్చగలగడమే అవి అంతకాలం పట్టుబడకపోవడానికి ఒక కారణం.” రెండు మూలాల మధ్య సంబంధాన్ని చెప్పే ఈ వాక్యం సమీక్షకునిదే, అయినను ఆ రెండు మూలాలనూ ఉదహరించవలసిందే.

అనంతరం మూలంతో సరిపోల్చాలి. ప్రొటీన్ల పేర్లు, పద్ధతుల పేర్లు ఒకటిగా ఉండడం దోషం కాదు. వాక్యక్రమం అదే ఉండి పర్యాయపదాలు మాత్రమే మారితే అది అనుకరణే. ఆ వాక్యాన్ని విడిచి తిరిగి పట్టిక నుండి రాయాలి.

ఉపోద్ఘాతపు చివరి పేరాకు ‘పరిమితి’ గడులే ఆధారం. ఆ గడులను నిలువుగా చదివితే అరబిడాప్సిస్, కుండీ ప్రయోగాలు అనే మాటలు పదేపదే ఎదురవుతాయి. రంధ్రాలు మూసుకొంటే నీరు మిగులుతుంది, కాని కార్బన్ డై ఆక్సైడ్ ప్రవేశమూ తగ్గుతుంది. కనుక కుండీలో కనిపించిన ఎద్దడి సహనం పొలంలో దిగుబడిగా మారుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సమీక్ష ఏ పంటకు, ఏ దశకు పరిమితమో ఆ ప్రశ్న వెంటనే తెలిపి ఉపోద్ఘాతాన్ని ముగించాలి.