పెళ్లికి ముందు సాయంత్రం చర్చిలో

గుంటూరు వైపు ఒక కతోలిక చర్చిలో రేపు పది గంటలకు పెళ్లి అనుకుందాం. ఈ సాయంత్రం ఆరింటికి పూలు కట్టేవాళ్లు ఇంకా నిచ్చెన మీదే ఉంటారు. అమ్మాయి మామూలు చుడీదార్‌లో, అబ్బాయి చెప్పులు బయట విడిచి లోపలికి వస్తారు. తోడి పెళ్లికూతురు, తోడి పెళ్లికొడుకు, రేపు పఠనాలు చదవాల్సిన పిన్ని, మేనమామ, గాయక బృందం కూడా చేరతారు. ఫాదర్ గారు అందరినీ బలిపీఠం ముందు నిలబెట్టి, రిహార్సల్ మొదలుపెడతారు.

కాగితాల పని అప్పటికే పూర్తయి ఉండాలి. ఇద్దరి జ్ఞానస్నాన పత్రాలూ కొత్తగా తీయించుకోమంటారు. చిన్నప్పుడు ఇచ్చిన పాత పత్రం పనికి రాదు, ఎందుకంటే ఎవరికైనా పెళ్లయితే ఆ సంగతిని జ్ఞానస్నాన రిజిస్టరులో అదే పేరు పక్కన రాస్తారు. కొత్త నకలు తీస్తే ఆ రాత ఉందో లేదో తెలిసిపోతుంది. ఆదివారం పూజలో వివాహ ప్రకటనలు చదివేదీ ఇందుకే. అభ్యంతరం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. అబ్బాయిది సికింద్రాబాద్ అయితే అక్కడి విచారణలోనూ ప్రకటనలు జరిగి, ఆ గురువు ఉత్తరం ఇక్కడికి చేరాలి.

ఇక సాక్షుల సంగతి. ఆ పాత్రను చాలామంది ఫోటోల్లో పక్కన నిలబడటంగానే చూస్తారు. సంఘ చట్టం ప్రకారం, అధికారం ఉన్న గురువుతో పాటు ఇద్దరు సాక్షులు అక్కడ ఉండి చూస్తేనే సాధారణంగా ఆ పెళ్లి చెల్లుతుంది. వాళ్లు కతోలికులే కావాలన్న నియమం లేదు గానీ, జరుగుతున్నది అర్థం చేసుకోగల వయసు, తెలివి ఉండాలి. వధూవరులు సమ్మతి తెలిపే క్షణంలో వాళ్లు అక్కడే ఉండాలి. ఆ సమయంలో దండలు తేవడానికి కారు దగ్గరికి వెళ్లి, చివర్లో వచ్చి సంతకం పెడితే కుదరదు. అందుకే రిహార్సల్‌లో ఫాదర్ ఇద్దరికీ చోటు చూపిస్తారు. వధూవరులకు ఒక అడుగు వెనక, మాట వినపడేంత దగ్గరలో. ఫోటోగ్రాఫరు వాళ్లకు అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో కూడా అప్పుడే తేల్చాలి.

పఠనాలు ప్రసంగానికి ముందు వస్తాయి. ఆదికాండం రెండో అధ్యాయం, కొరింతీయులకు మొదటి లేఖ పదమూడో అధ్యాయం ఎక్కువ మంది ఎంచుకునేవి. ఏవి ఎంచుకున్నా, కనీసం ఒకటి వివాహం గురించి స్పష్టంగా చెప్పేదై ఉండాలి. ప్రేమను గురించిన కొరింతీయుల భాగం అందరికీ ఇష్టమే గానీ, అందులో పెళ్లి మాట లేదు కాబట్టి దానికి తోడు ఆదికాండమో, కానా పెళ్లి సువిశేషమో పెట్టుకుంటారు. మొదటి పఠనం బంధువులు చదవవచ్చు, సువిశేషం మాత్రం గురువు గానీ డీకన్ గానీ చదవాలి.

పిన్ని మొదటిసారి చదివినప్పుడు సగం మాటలు మైకులో పడవు. తల వంచి పుస్తకంలోకి చదవడమే కారణం. పుస్తకాన్ని కాస్త పైకెత్తి, మైకును నోటికి జానెడు దూరంలో పెట్టి, వాక్యం చివర ఆగితే వెనక బెంచీలకు కూడా వినిపిస్తుంది. సెల్‌ఫోనులో చూసి చదవడం వద్దంటారు ఫాదర్. మధ్యలో కాల్ వస్తే తెర మారిపోతుంది.

ప్రసంగం తరువాత అసలు ఘట్టం. ఇష్టపూర్వకంగానే వచ్చారా, జీవితాంతం ఒకరినొకరు గౌరవించుకుంటారా, బిడ్డలను ప్రేమతో స్వీకరిస్తారా అని ఫాదర్ అడుగుతారు. ఆపైన ఇద్దరూ కుడిచేతులు కలిపి సమ్మతి తెలుపుతారు. ఉంగరాలు ఆ తరువాతే. ఉంగరం మారిస్తే పెళ్లి అయిందనుకుంటారు గానీ, పెళ్లి జరిగేది సమ్మతి మాటతోనే. ఫాదర్ ఆశీర్వదించిన ఉంగరాలు ఆ మాటకు గుర్తు. మన చర్చిల్లో మంగళసూత్రాన్ని కూడా ఆశీర్వదించి కట్టించడం చాలాచోట్ల ఉంది. స్థానిక వివాహ ఆచారాల్లో మంచివాటిని నిలుపుకోవాలని 1963లో రెండో వాటికన్ మహాసభ చెప్పింది.

ఉంగరాలతో వచ్చే చిక్కులు చిన్నవే. ఎండకు వేళ్లు కాస్త ఉబ్బుతాయి కాబట్టి నిశ్చితార్థం నాడు సరిపోయిన ఉంగరం కణుపు దగ్గర ఆగిపోవచ్చు. వారం ముందు, మధ్యాహ్నం పూట ఒకసారి వేసి చూసుకుంటే సరిచేయించే సమయం ఉంటుంది. నిశ్చితార్థపు ఉంగరాన్ని ఆ ఉదయమే కుడిచేతికి మార్చుకోవాలి. పళ్లెంలోని దిండుకు ఉంగరాలను రిబ్బనుతో కడితే, ఒక కొస లాగగానే ఊడే ముడే వేయాలి. తోడి పెళ్లికొడుకు ఆ ముడిని రిహార్సల్‌లో రెండుసార్లు విప్పి చూస్తాడు.

సమ్మతి మాటలను కొందరు గురువులు ఈ సాయంత్రం పూర్తిగా పలికించరు, అవి రేపటివి కాబట్టి. ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందు చెప్పాలో, మైకు ఎవరు పట్టాలో మాత్రం చూపిస్తారు.

చివరికి సంతకాల చోటు చూపిస్తారు. రిజిస్టరును బలిపీఠం మీద పెట్టకూడదని పూజా నియమం, అందుకని పక్కన చిన్న బల్ల వేస్తారు. వధూవరులు, ఇద్దరు సాక్షులు, ఫాదర్ సంతకం చేసే క్రమం చెప్పి, పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయమంటారు. తోడి పెళ్లికూతురు తన ఇంటిపేరు ముందు రాయాలా, తర్వాతా అని అడిగి, చీటీ మీద రాసి ఫాదర్‌కు చూపిస్తుంది.