లెక్క రాదా, లెక్కలోని మాట తెలియదా?

రాత లెక్క చేసే పిల్లవాడికి రెండు పనులుంటాయి. ముందు మాటలు చదివి అక్కడ జరిగిందేమిటో గ్రహించాలి. తర్వాత దాన్ని అంకెల్లోకి తెచ్చి సాధించాలి. ఉపాధ్యాయుడు పరీక్షించాలనుకునేది చాలావరకు రెండో పనినే. కొందరు పిల్లలు తమ ఇల్లో, ఊరో, భాషో వేరు కావడం వల్ల మొదటి పని దగ్గరే ఆగిపోతే, ఆ లెక్క పక్షపాతంతో ఉన్నట్టే. రాసినవారికి అలాంటి ఉద్దేశం లేకపోవచ్చు. కానీ జవాబుపత్రంలో కనిపించేది తప్పు ఒక్కటే, దాని కారణం కనిపించదు.

హైదరాబాద్ శివార్లలో ఒక ఆరో తరగతిని తీసుకుంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పని కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, తండాల నుంచి వచ్చిన లంబాడీ పిల్లలు, ఒడిశా కూలీల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. వాళ్లకు పాత పాఠ్యపుస్తకాల తీరులో రాసిన ఈ లెక్క ఇచ్చారనుకుందాం:

“సుబ్బారావుకు పిత్రార్జితముగా సంక్రమించిన 2 ఎకరముల 40 సెంట్ల మాగాణిలో మూడవ వంతును కుమార్తెకు పసుపు కుంకుమల క్రింద ఇచ్చి, మిగిలిన దానిని ఇద్దరు కుమారులకు సమానముగా పంచిన, ఒక్కొక్క కుమారునికి వచ్చు భూమి ఎంత?”

ఇందులో ఉన్న గణితం చిన్నది. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి మొత్తం 240 సెంట్లు. మూడో వంతు 80 పోగా 160 మిగులుతాయి. ఇద్దరికి పంచితే తలా 80 సెంట్లు. భిన్నం కనుక్కోవడం, తీసివేయడం, భాగించడం తప్ప మరేమీ లేదు.

ఇప్పుడు పాలమూరు పిల్ల వైపు నుంచి చూడాలి. ఆంధ్ర ప్రాంతంలో పొలాన్ని సెంట్లలో లెక్కిస్తే తెలంగాణలో గుంటల్లో లెక్కిస్తారు. 40 గుంటలైతే ఎకరం. ఇంట్లో ఎకరాలు, గుంటలు అనే మాటలే విన్న పిల్ల సెంటంటే గుంటేననుకుంటే, “2 ఎకరాల 40” ఆమె దృష్టిలో సరిగ్గా 3 ఎకరాలు. అందులో మూడో వంతు ఎకరం కూతురికి పోతుంది, మిగిలిన రెండెకరాలు ఇద్దరు కొడుకులకు చెరొక ఎకరం. ఆమె జవాబు “ఒక ఎకరం”. భిన్నం, తీసివేత, భాగహారం మూడూ తప్పులేకుండా చేసినా మార్కులు సున్నా. దిద్దేవారికి ఆ పిల్ల 40 సెంట్లను గాలికి వదిలేసినట్టు కనిపిస్తుంది. గజాల్లోనే ఇంటి స్థలాల మాట విన్న నగరపు పిల్లవాడికి ఈ రెండు కొలతలూ కొత్తే.

కొలత ఒక్కటే కాదు, ఆచారమూ అడ్డుపడుతుంది. పెళ్లప్పుడు ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద పొలం రాసివ్వడం తెలిసిన ఇళ్లలో ఆ మాటకు భూమి అనే అర్థం వెంటనే తోస్తుంది. తెలియని పిల్లవాడు పసుపు, కుంకుమ కొనడానికి ఏదో ఖర్చయిందనీ, ఆ ఖర్చెంతో లెక్కలో ఇవ్వలేదనీ తికమకపడతాడు. మాగాణి అనే మాట తెలంగాణలో తరి భూమిగా వినిపిస్తుంది. పైగా లెక్కకు అది మాగాణైనా మెట్టైనా ఒకటే. అక్కరలేని మాట ఒకటి దారికి అడ్డంగా ఉందన్నమాట.

ఇక వాక్యం సంగతి. మొత్తం లెక్కంతా ఒకే వాక్యం. “సంక్రమించిన”, “మిగిలిన” అనే రెండు మాటలూ తమ తర్వాత వచ్చే పేరుకు విశేషణాలు. అదే రూపంలో ఉన్న “పంచిన” మాత్రం “పంచితే” అనే అర్థంలో వచ్చింది. పుస్తక భాష చెవినపడే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఈ తేడా అలవాటుగా అందుతుంది. తెలుగును బడిలోనే నేర్చుకుంటున్న ఒడియా పిల్లవాడికి అది అందదు. ఇంగ్లిషు మీడియం వచ్చాక ఇబ్బంది తీరిందని అనుకోవడానికి లేదు. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకం తెలుగింటి పిల్లలకు మేలు చేస్తుంది. ఉర్దూ, లంబాడీ, ఒడియా ఇళ్ల పిల్లలకు మాత్రం ఆ రెండు పేజీలూ పరభాషే.

పిల్లవాడు ఎక్కడ ఆగాడో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1977లో దాన్ని ప్రచురించారు. తప్పు చేసిన విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని అదే లెక్క మీద వరసగా ఐదు విషయాలు అడగాలి: లెక్క పైకి చదువు, ఏమి అడుగుతున్నారో నీ మాటల్లో చెప్పు, ఎలా చేస్తావో చెప్పు, చేసి చూపించు, జవాబు రాయి. మొదట తడబడ్డ మెట్టే తప్పుకు మూలం. లెక్కల్లో వెనుకబడిన ఆరో తరగతి పిల్లల తప్పుల్లో దాదాపు సగం, చదవడం, అర్థం చేసుకోవడం, చేసే పద్ధతి ఎంచుకోవడం అనే మొదటి మూడు మెట్లలోనే ఉన్నాయని న్యూమన్ గమనించారు. అంటే అంకెల మీద చెయ్యి పడకముందే అవి జరిగిపోయాయి. మన తరగతిలో రెండో ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. పిల్లవాడు దానికి ఇంటి భాషలో జవాబు చెప్పినా ఒప్పుకోవాలి. ఆ భాష ఉపాధ్యాయుడికి రాకపోతే, వచ్చిన తోటి విద్యార్థి తెలుగులో చెబుతాడు. పాలమూరు పిల్లను “2 ఎకరాల 40 సెంట్లంటే ఎంత?” అని అడిగితే చాలు, మూడెకరాల గుట్టు బయటపడుతుంది.

సవరణ మొదలుపెట్టేముందు ఈ లెక్క ఏమి నేర్పడానికి ఇస్తున్నదో తేల్చుకోవాలి. ఆ కష్టాన్ని ఉంచి, మిగతా కష్టాన్ని తీసేయాలి. భిన్నాలే లక్ష్యమైతే భూమితో పనిలేదు. స్కేలు అందరి సంచిలోనూ ఉంటుంది కాబట్టి లెక్కను ఇలా మార్చవచ్చు:

“240 సెంటీమీటర్ల పొడవున్న తాడు ఉంది. అందులో మూడో వంతు కోసి తీసేశారు. మిగిలిన తాడును రెండు సమాన ముక్కలు చేశారు. ఒక్కో ముక్క పొడవెంత?”

అంకెలు అవే, చేయవలసిన మెట్లు అవే, జవాబు 80 సెంటీమీటర్లు. ఒక్కో వాక్యంలో ఒక్కో పని జరుగుతుంది. జరిగిన క్రమంలోనే చెప్పడం వల్ల పిల్లవాడు బొమ్మ గీసుకుంటూ చదవగలడు. “మూడో వంతు”, “సమాన” అనే మాటలను మాత్రం కదపలేదు. అవి గణితపు మాటలు, నేర్చుకోవలసినవి. వాటిని కూడా తీసేస్తే పిల్లలకు మేలు చేసినట్టు కాదు, పాఠాన్ని ఎగ్గొట్టినట్టు.

ఒకవేళ విస్తీర్ణపు కొలతలే లక్ష్యమైతే తాడు పనికిరాదు, భూమినే ఉంచాలి. అప్పుడు లెక్క పైన ఒక వరుస రాయాలి: 1 ఎకరం = 100 సెంట్లు = 40 గుంటలు = 4840 చదరపు గజాలు. 240 సెంట్లంటే 2 ఎకరాల 16 గుంటలని, 80 సెంట్లంటే 32 గుంటలని పిల్లలే తేలుస్తారు. 2 ఎకరాల 40 సెంట్లను 2.40 ఎకరాలని రాయవచ్చు గానీ, 2 ఎకరాల 16 గుంటలను 2.16 అని ఎందుకు రాయకూడదన్న ప్రశ్న దశాంశాలకు మంచి పాఠమవుతుంది. ఇళ్ల మధ్య తేడాను ఇక్కడ దాచలేదు, అందరి ముందూ పెట్టి గణితం చేశారు. వీలైన చోటల్లా ఈ రెండో దారే మేలైనది.

భాషను సులువు చేస్తే ఎంత ప్రయోజనం ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. జమాల్ అబేదీ, కారల్ లార్డ్ అమెరికాలో ఎనిమిదో తరగతి విద్యార్థుల మీద జరిపిన పరిశీలనను 2001లో ప్రచురించారు. గణితాన్ని కదపకుండా వాక్యాలను విడదీసి, అరుదైన మాటలను మార్చి అవే లెక్కలను ఇచ్చారు. మార్కులు పెరిగాయి, కానీ పెరుగుదల కొద్దిపాటిదే. లెక్కల్లో వెనుకబడినవారికి, పేద కుటుంబాల పిల్లలకు లాభం ఎక్కువగా కనిపించింది. భిన్నాలు రాని పిల్లవాడికి తాడు లెక్కా రాదు. మాటల అడ్డు తీసేయడం వల్ల అతనికి రానిది భిన్నమేనని తేలుతుంది, దాన్ని నేర్పే వీలు కలుగుతుంది.

తన తరగతిలో తేడా ఉందో లేదో ఉపాధ్యాయుడు సొంతంగానే చూసుకోవచ్చు. సగం మందికి పాత రూపం, సగం మందికి కొత్త రూపం ఇచ్చి, మరో వారం వేరే లెక్కతో అటూఇటూ మార్చాలి. ఒకరికే రెండు రూపాలూ వెంటవెంటనే ఇస్తే మొదటిదాని అనుభవమే రెండోదానికి సాయపడుతుంది, పోలిక చెడుతుంది. మాటలు లేని అంకెల లెక్కను కూడా ఒకటి చేర్చాలి. అంకెల లెక్క, కొత్త రూపం రెండూ వచ్చి, పాత రూపం మాత్రమే రాకపోతే కారణం లెక్క కాదు, మాటలు. ఒక లెక్కతోనో, ఇద్దరు పిల్లలతోనో తీర్పు చెప్పకూడదు.

భాష ఎంత సులువైనా, లెక్క వెనుక దాగిన ఊహ వేరేగా ఉండవచ్చు. 1990లలో అమెరికా పేద ప్రాంతాల బడుల్లో నడిచిన క్వేజర్ ప్రాజెక్టులో ఒక బస్సు లెక్క ఇచ్చారు. ఒక ఉద్యోగి వారంలో మూడు రోజులు బస్సులో వెళ్లి బస్సులోనే వస్తుంది, రెండు రోజులు వెళ్లడం మాత్రమే బస్సులో. టికెట్ ఒక డాలరు, వారం పాసు 9 డాలర్లు. పాసు కొనాలా? ఎనిమిది ప్రయాణాలకు 8 డాలర్లే కాబట్టి వద్దన్నది అనుకున్న జవాబు. చాలామంది పిల్లలు కొనాలన్నారు. శనాదివారాల్లో కూడా తిరగవచ్చు, ఇంట్లో మిగతావాళ్లూ వాడుకోవచ్చు అన్నది వాళ్ల తర్కం. పాసును వాళ్ల ఇళ్లలో నిజంగా అలాగే వాడతారు. కారణం సరిగా చెప్పిన జవాబును ఒప్పుగానే తీసుకునేలా తర్వాత దిద్దే పద్ధతిని మార్చారు. “ఎందుకో రాయి” అనే ఒక్క వరుస లెక్క చివర లేకపోతే ఈ తెలివి బయటికి వచ్చేదే కాదు.

పేరు మార్చి పని అయిపోయిందనుకోవడం ఎక్కువగా కనిపించే పొరపాటు. సుబ్బారావును సలీం చేసినా సెంట్లు సెంట్లుగానే, పసుపు కుంకుమలు అక్కడే ఉంటాయి. అదీగాక ముస్లిం కుటుంబంలో ఆ ఆచారం పొసగదు. లంబాడీ పిల్లకు ఎప్పుడూ తండా లెక్కలే, ఉర్దూ పిల్లవాడికి ఎప్పుడూ అత్తరు దుకాణం లెక్కలే ఇవ్వడం కూడా అన్యాయమే. వాళ్లకు బ్యాంకు వడ్డీ, రైలు వేగం, క్రికెట్ సగటు అన్నీ రావాలి. కొత్త సందర్భాన్ని ముందుగా నోటితో రెండు మాటల్లో పరిచయం చేసి లెక్క ఇస్తే సరిపోతుంది.

ఇంకొక ప్రమాదం సులువు సూత్రాలు. “ఎక్కువ అంటే కూడు, తక్కువ అంటే తీసెయ్” అని నేర్పితే భాష సరిగా రాని పిల్లలు దాన్నే గట్టిగా పట్టుకుంటారు. “రవి దగ్గర 12 గోళీలున్నాయి. ఇవి సలీం గోళీల కంటే 5 తక్కువ. సలీం దగ్గర ఎన్ని?” అంటే తీసేసి 7 అంటారు, సరైన జవాబు 17. పోలికను నేర్పడమే లక్ష్యమైతే ఈ వాక్యాన్ని ఇలాగే ఉంచి, రెండు గీతలు పక్కపక్కన గీయించి ఎవరి గీత పొడుగో అడగాలి. లక్ష్యం వేరైతే “సలీం దగ్గర రవి కంటే 5 ఎక్కువ ఉన్నాయి” అని నేరుగా రాయాలి.

తరగతి గదిలో అర్థం కాని మాటను పిల్లలు అడగగలరు, ఉపాధ్యాయుడు చెప్పగలడు. పరీక్ష హాలులో ఆ వీలు లేదు. అందుకే ఈ శ్రద్ధ ప్రశ్నపత్రం తయారుచేసేవారికి మరింత అవసరం. ప్రతి రాత లెక్కనూ అచ్చుకు పంపేముందు వేర్వేరు ప్రాంతాల, వేర్వేరు ఇంటి భాషల పిల్లలు ముగ్గురు నలుగురితో చదివించి, ఏమి అడుగుతున్నారో చెప్పించండి. వాళ్లు చెప్పలేకపోతే ముందు వాక్యాన్ని దిద్దండి.