గంట దాటినా వదలని వేళ్లు

పొద్దున లేవగానే వేళ్లు పట్టేస్తున్నాయని ఎవరైనా అంటే మనం వయసు అడుగుతాం. కీళ్ల డాక్టరు మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతారు: ఎన్నింటికి లేచారు, వేళ్లు మామూలుగా ఆడేసరికి ఎంతయింది? రోగ నిర్ణయంలో సగం దారి ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఒకే ఇంట్లో అత్తాకోడళ్లను ఊహించుకుందాం. కోడలికి 44 ఏళ్లు, ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. రెండు నెలలుగా అయిదున్నరకు లేస్తే పాల ప్యాకెట్ చించడానికి పళ్లతో లాగాల్సి వస్తోంది. ఉంగరం తీసి పెట్టేసింది. కత్తెర చేతికి లొంగేసరికి ఏడున్నర దాటుతోంది. విచిత్రమేమిటంటే, ఒకసారి పనిలో పడ్డాక కాస్త నయంగానే ఉంటుంది. అత్తగారికి 68. "నా వేళ్లు చూడవే, నాకు లేవా?" అంటుందావిడ. నిజమే, ఆవిడ వేళ్ల చివర, గోటికి దగ్గరి కణుపుల మీద గట్టి బుడిపెలున్నాయి. కానీ ఆవిడ వేళ్లు కాఫీ తాగేలోపే వదులవుతాయి. చిక్కుడుకాయలు ఒలిచిన రోజు సాయంత్రం నొప్పి పెడతాయి.

అత్తగారిది అరుగుదల. ఎముకల చివర ఉండే మృదులాస్థి పలచబడి, అంచుల్లో కొత్త ఎముక పెరుగుతుంది. ఆ బుడిపె నొక్కితే రాయిలా ఉంటుంది. రాత్రంతా కదలక బిగిసిన కీలు పది నిమిషాలు ఆడిస్తే సర్దుకుంటుంది, మహా అయితే అరగంట. వాడేకొద్దీ నొప్పి, విశ్రాంతి ఇస్తే హాయి.

కోడలి సంగతి వేరు. ఆమె వాపు చేతి మెటికల దగ్గర, వేళ్ల మధ్య కణుపుల దగ్గర ఉంది, రెండు చేతులకూ ఉంది. నొక్కితే మెత్తగా తగులుతుంది. నాలుగు మెటికలనూ పక్కల నుంచి కలిపి అదిమితే "అబ్బా" అంటుంది. కీలు లోపలి పొరమీద శరీరపు రక్షణ వ్యవస్థే దాడి చేస్తోంది. ఆ పొర ఉబ్బి నీరు చేరుతోంది. దీన్నే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. దీని బిగుతు పొద్దున్నే ఎందుకు? మంటను రగిలించే రసాయనాలు తెల్లవారుజామున రక్తంలో ఎక్కువగా ఉంటాయి. దాన్ని అణచే సహజ స్టెరాయిడ్ నడిరాత్రి బాగా తగ్గి ఉంటుంది. పైగా కదలని చేతిలో నీరు నిలుస్తుంది. లేచాక అదంతా తగ్గడానికి గంటో రెండు గంటలో పడుతుంది.

గంట అన్నది గట్టి గీత కాదు. 1987 నాటి రోగ నిర్ణయ ప్రమాణాల్లో అది ఉండేది, 2010లో వచ్చిన కొత్త వాటిలో లేదు. చికున్‌గున్యా జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి ఇలాగే చేతులు పట్టేయవచ్చు. సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతమైతే గోటి దగ్గరి కణుపులనూ వదలదు. అందుకే గడియారంతో పాటు చేతిని పట్టి చూడాలి.

పరీక్షల దగ్గరే చాలామంది దారి తప్పుతారు. యూరిక్ యాసిడ్ చూపించుకుని, మామూలుగా ఉందని ఊరుకుంటారు. అది గౌట్ కోసం చేసే పరీక్ష. ఎక్స్‌రే కూడా మొదటి నెలల్లో శుభ్రంగా ఉండవచ్చు. ఎముక కోతకు గురైతే గానీ అందులో తెలియదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. పెద్ద వయసులో ఏ జబ్బూ లేకుండానే పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ పరీక్ష పాజిటివ్ అయితే మరింత నమ్మదగ్గ ఆధారం. మన కోడలికి మొదటిది నెగెటివ్, రెండోది పాజిటివ్, ఈఎస్‌ఆర్ 58 వచ్చాయనుకోండి. మెత్తటి వాపు, రెండు గంటల బిగుతు కలిపి చూస్తే ఇక సందేహం పెద్దగా ఉండదు.

ఇక్కడ జరిగే అసలు నష్టం ఆలస్యం. ఊళ్లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్‌తోనో, పేరులేని పొడితోనో రెండు రోజుల్లో చేతులు తేలికపడితే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. వాపు దాక్కుంటుంది, ఎముక కోత సాగవచ్చు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో సరైన మందు మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా కాపాడే అవకాశం బాగా ఎక్కువ.

ఆ మందు చాలామందికి మెథోట్రెక్సేట్. పని చూపడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అందాకా డాక్టర్లు కొద్దికాలం స్టెరాయిడ్ ఇవ్వడం మామూలే, కాకపోతే అది కొలతతో ఇచ్చి ఆపేసేది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి చీటీ మీద వారం పేరు రాయించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు వేసుకోమంటారు. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి. రక్తకణాలు, లివర్ పరీక్షలు విడవకుండా చేయించుకోవాలి.

అత్తగారికి ఈ మందు అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లు, నొప్పి ఉన్న చోట రాసుకునే జెల్, బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే ఓ పట్టీ సరిపోతాయి.