అరవై దగ్గర గీసిన గీత

కాగితం మీద నాలుగే ప్రశ్నలు. వయసెంత, నడుము చుట్టుకొలత ఎంత, ఒంటికి ఏపాటి శ్రమ ఉంది, అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగరు ఉందా. సూది గుచ్చరు, రక్తం తీయరు. జవాబులకు మార్కులు వేసి కూడతారు. నూటికి 60, ఆపైన వస్తే రక్తపరీక్ష చేయించుకోమని చెబుతారు.

దీని పేరు ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్. చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో దీన్ని ప్రచురించింది. షుగరు ఉండి కూడా ఆ సంగతి తెలియకుండా తిరుగుతున్నవాళ్ళను కనిపెట్టడం దీని పని. ఇది ఎంతవరకు సరిగ్గా చెబుతుందో ఆ వ్యాసంలోనే దాపరికం లేకుండా రాశారు: 61.3 శాతం.

ఆ అంకె చూసి పెదవి విరిచినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఎందుకంటే ఎవరినీ ఏమీ అడగకుండా, ఎదురైన ప్రతి మనిషికీ "నీకు షుగరు లేదు, వెళ్ళిరా" అని చెప్పేసినా, ఆ సర్వేలోని జనాభాలో దాదాపు 90 శాతం సందర్భాల్లో మన మాట నిజమే అవుతుంది. ఏమీ చేయకపోతే 90, ఇంత శ్రమపడితే 61. అయినా మా ఇంట్లో వాళ్ళకు ఏది వాడతారని అడిగితే నేను 61 వైపే ఉంటాను. ఎందుకో తెలియాలంటే ఆ శాతాన్ని విప్పి చూడాలి.

ముందు ఆ మార్కులు ఎక్కడివో చెబుతాను. ఎవరూ ఊహించి వేసినవి కావు. సర్వేలోని మనుషుల వివరాలను లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణిత పద్ధతికి ఇచ్చారు. ఒక మనిషికి షుగరు ఉండే అవకాశం ఎంత అన్నదాన్ని అది సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా చెబుతుంది. అందుకోసం ఒక్కో లక్షణానికీ ఒక్కో బరువు కట్టి, వాటిని కూడి, ఆ మొత్తాన్ని అవకాశంగా మారుస్తుంది. చెన్నై బృందం ఆ బరువులను గుండ్రటి అంకెలుగా సవరించి, మొత్తం 100కు మించకుండా అమర్చింది. 42 ఏళ్ళ ఒక గృహిణిని తీసుకుందాం. 35కూ 49కీ మధ్య వయసు గనక 20. నడుము 84 సెంటీమీటర్లు. ఆడవాళ్ళలో 80 నుంచి 89 దాకా 10. వ్యాయామం లేదు, కూర్చుని చేసే పనే, 30. తల్లిదండ్రులకు షుగరు లేదు, సున్నా. మొత్తం సరిగ్గా 60. ఆమెను పరీక్షకు పంపుతారు. నడుము 79 ఉంటే 50 వచ్చేది, పంపేవారు కాదు. టేపు కాస్త బిగించి పట్టుకుంటే ఫలితం మారిపోయే మనుషులు గీతకు రెండు పక్కలా ఎప్పుడూ ఉంటారు.

ఇప్పుడు ఆ వ్యాసంలోని శాతాలను వెయ్యిమందికి విప్పుదాం. అవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలంటే వెయ్యిలో సుమారు 101 మందికి షుగరు ఉండాలి, 899 మందికి లేదు. షుగరున్న 101 మందిలో 73 మందికి 60 దాటింది, 28 మందికి దాటలేదు. షుగరు లేని 899 మందిలో 540 మందికి దాటలేదు, 359 మందికి దాటింది. ఈ నాలుగు అంకెలను రెండు వరసల్లో నాలుగు గళ్ళుగా రాస్తే అదే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్. ఎవరిని ఎవరిగా పొరబడ్డామో చూపించే పట్టిక అన్నమాట.

61.3 శాతం ఇక్కడే పుట్టింది: 73, 540 కలిపితే 613. "అందరికీ లేదు" అనే మాటకు ఇదే పట్టిక వేస్తే 899 సరైనవి. కానీ షుగరున్నవాళ్ళ వరసలో 101 మందీ తప్పు గడిలోనే పడతారు, ఒక్కరూ దొరకరు. ఆ 90 శాతం అంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సంఖ్య పెట్టిన భిక్ష. అరుదైన దాన్ని వెతికేటప్పుడు మొత్తం కచ్చితత్వం ఇలాగే మోసగిస్తుంది. అందుకే వరసలను విడివిడిగా చదవాలి. షుగరున్నవాళ్ళలో ఎందరిని పట్టుకున్నాం అన్నది సెన్సిటివిటీ, ఇక్కడ 72.5 శాతం. లేనివాళ్ళలో ఎందరిని సరిగ్గా వదిలేశాం అన్నది స్పెసిఫిసిటీ, 60.1 శాతం.

పరీక్షకు పంపిన 432 మందిలో నిజంగా షుగరున్నది 73 మందికి, అంటే 17 శాతం. ఇదేం గొప్ప అనిపిస్తుంది. అదే 432 మందిని చీట్లు తీసి పంపితే 44 మంది దొరికేవారు. నాలుగు ప్రశ్నలతో అదనంగా 29 మంది దొరికారు. రెండో పక్క, పంపనివాళ్ళలో 95.1 శాతం మందికి షుగరు లేదన్నది చాలా ధైర్యం ఇచ్చే అంకెలా కనిపిస్తుంది. కానీ ఏమీ అడగకముందే 89.9 శాతం మందికి లేదు కదా. స్కోరు చేసిందల్లా అవకాశాన్ని 10 నుంచి 5కు దించడమే. ఆ తేడా నిజమైనదే, విలువైనదే. అయినా 50 మార్కులు వచ్చిన మనిషితో "నీకేం లేదు" అనడం తప్పు. ఆ 28 మంది గురించే నా బాధంతా. పరీక్షకు వెళ్ళి ఏమీ లేదనిపించుకున్న 359 మంది ఒక పూట పరగడుపున ఉండి, ఒక్క సూదిపోటుతో బయటపడతారు. ఈ 28 మందికి మాత్రం ధైర్యం చెప్పి పంపించాం. కళ్ళకో మూత్రపిండాలకో దెబ్బ తగిలేదాకా వాళ్ళు తిరిగి రాకపోవచ్చు.

మరి గీతను 50కి దించితే? 28 తగ్గుతుంది, 359 పెరుగుతుంది. 70కి పెంచితే తారుమారు. గీతను ఒక చివరి నుంచి ఇంకో చివరికి జరుపుతూ, ప్రతిచోటా షుగరు లేనివాళ్ళలో ఎంత శాతం అనవసరంగా వెళ్ళారో అడ్డంగానూ, ఉన్నవాళ్ళలో ఎంత శాతం దొరికారో నిలువుగానూ గుర్తుపెట్టి చుక్కలు కలిపితే వచ్చేదే ఆర్‌ఓసీ వక్రరేఖ. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర మీద కనిపించేది శత్రు విమానమా, వట్టి అలికిడా అని తేల్చే పని నుంచి వచ్చిన పేరు ఇది. సున్నా దగ్గర గీస్తే అందరూ వెళతారు, అది కుడివైపు పై మూల. 100కు పైన గీస్తే ఎవరూ వెళ్ళరు, అది ఎడమవైపు కింది మూల. మన 60 చుక్క అడ్డంగా 39.9, నిలువుగా 72.5 దగ్గర ఉంది. చీట్లు తీసే పద్ధతి ఈ మూలలను కలిపే ఏటవాలు గీత మీదే నడుస్తుంది. అక్కడ అడ్డం 39.9 అయితే నిలువూ 39.9.

ఆ వక్రరేఖ కింది వైశాల్యం 0.698 అని తేల్చారు. దీనికి తేలికైన అర్థం ఉంది. షుగరున్న ఒకరినీ లేని ఒకరినీ ఊరికే ఎంచి పక్కపక్కన నిలబెడితే, నూటికి సుమారు 70 సార్లు ఉన్నవారికే ఎక్కువ మార్కులుంటాయి. సమానంగా వస్తే అర మార్కు లెక్క. స్కోరు మనుషులను ఎంత బాగా వరసలో నిలబెడుతుందో ఇది చెబుతుంది. ఆ వరసను ఎక్కడ తెంచాలో మాత్రం చెప్పదు.

తెంచే చోటు ఎంచడానికి బాగా వాడుకలో ఉన్న దారి ఒకటుంది. సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీల మొత్తం ఎక్కడ ఎక్కువైతే అక్కడ గీయడం. యూడెన్ అనే శాస్త్రవేత్త 1950లో చెప్పిన సూచిక ఇది. చూడటానికి ఏ పక్షమూ వహించనట్టే ఉంటుంది. కానీ ఇందులో ఒక ధర దాగి ఉంది. ఒక మనిషికి షుగరు ఉండే అవకాశం పదింట ఒకటి అనుకోండి. అలాంటి పదిమందిని పంపకపోతే ఒకరిని పోగొట్టుకుంటాం, పంపితే తొమ్మిదిమందిని ఊరికే తిప్పుతాం. పంపడం, మానడం రెండూ సమానమే అనాలంటే ఒకరిని పోగొట్టుకోవడం తొమ్మిదిమందిని తిప్పడంతో సమానం అని ఒప్పుకోవాలి. యూడెన్ పద్ధతి గీసే గీత సరిగ్గా ఆ జనాభాలో జబ్బు ఉన్న శాతం దగ్గరే పడుతుంది. ఇక్కడ అది పదింట ఒకటే. అంటే ఎవరూ పైకి అనకుండానే ఒకటికి తొమ్మిది అనే ధర ఖాయమైపోయింది. ఒకరిని వదిలేయడం 19 అనవసర పరీక్షలంత నష్టం అనుకునేవాళ్ళు, అవకాశం 5 శాతం ఉన్నవాళ్ళను కూడా పంపాలి. ఆ ధర ఎంతన్నది గణితం చెప్పదు. పరీక్షలకు డబ్బు పెట్టేవాళ్ళూ వైద్యులూ కూర్చుని తేల్చుకోవలసింది.

కంప్యూటరులో ఈ పని చేసేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. సైకిట్-లెర్న్ లాంటి సాఫ్ట్‌వేరులో `predict` అని అడిగితే అది 0.5 దగ్గర తెంచుతుంది. మన 60 దాటినవాళ్ళ సగటు అవకాశమే 17 శాతం. 50 శాతం దాటేవాళ్ళు దాదాపు ఉండరు. ఫలితం మళ్ళీ "అందరికీ లేదు" అన్న పాత మాటే, కచ్చితత్వం మళ్ళీ 90. షుగరున్నవాళ్ళ వరసలో సున్నాకు దగ్గరగా అంకె కనిపిస్తే మొదట అనుమానించవలసింది ఈ 0.5నే. మోడల్‌ను మార్చేయనక్కర్లేదు, అవకాశాన్ని నేరుగా అడిగి గీత మనమే గీస్తే చాలు:

```
p = model.predict_proba(X_test)[:, 1]
flag = p >= 0.10
```

ఇందులో `X_test` అన్నమాట ముఖ్యం. మోడల్ నేర్చుకున్న మనుషుల మీదే గీతను పరీక్షిస్తే ఫలితం ఉన్నదానికన్నా కాస్త మెరుగ్గా కనిపిస్తుంది. చెన్నై వ్యాసంలోని పరీక్ష కూడా తొలుత అదే సమాచారం మీద జరిగింది. కాబట్టి వేరే ఊళ్ళో 72.5 అలాగే వస్తుందని అనుకోకూడదు.

వేరే వయసువాళ్ళ దగ్గర అసలే అనుకోకూడదు. 35 ఏళ్ళలోపు వాళ్ళకు వయసు మార్కు సున్నా. నడుముకు ఎక్కువలో ఎక్కువ 20, కదలనందుకు 30. తల్లిదండ్రులకు షుగరు లేని యువకుడు ఎంత లావుగా ఉన్నా, రోజంతా కుర్చీలోనే కూర్చున్నా 50 దాటలేడు. హైదరాబాదులో కుర్రవాళ్ళే ఎక్కువగా పనిచేసే ఏదైనా ఆఫీసులో ఈ కాగితం పంచి 60 దగ్గర గీత గీస్తే అలాంటివాళ్ళలో ఒక్కరినీ పట్టుకోదు. గీతను 40కి దించవచ్చా? దించితే ఎందరు దొరుకుతారు, ఎందరు ఊరికే తిరుగుతారు? 60 దాటినవాళ్ళకు మాత్రమే రక్తపరీక్ష చేసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. దాటనివాళ్ళలో ఎవరికి షుగరుందో అప్పుడు ఎవరికీ తెలియదు, ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. చెన్నైలో ఆ 28 మంది లెక్కకు వచ్చారంటే, తక్కువ మార్కులవాళ్ళకు కూడా గ్లూకోజు తాగించి రక్తం తీశారు కాబట్టే.