పాలు పొంగిన ఇంట్లో ఏ మాట?

గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో పన్నెండో అంతస్తు. మా మిత్రుడి గృహప్రవేశానికి ఇంకా పది రోజులుంది. హాల్లో గోడకు ఒక పలక, ఫ్రిజ్‌కు ఒక మాగ్నెట్ చేయించే పని నా మీద పడింది. వాళ్లావిడ షరతు ఒకటే: తెలుగు మాటే కావాలి.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నాను. ఎవరికైనా ముందు తట్టేది అదే. ఎవరూ నవ్వలేదు. బిల్డరు తాళాలు ఇచ్చేసరికి ఆరేళ్లు పట్టింది. అన్నాళ్లూ అద్దె, ఈఎమ్మై రెండూ కట్టారు. "రోజూ పొద్దున్నే అది చదువుకోవాలా అన్నయ్యా?" అంది. నిజమే. సామెతల్లో సగం దెప్పుళ్లే. సమయానికి ఒకసారి పడితే నవ్వొస్తుంది, గోడెక్కితే రోజూ సాధిస్తుంది.

'ఇంటికి దీపం ఇల్లాలు' అన్నాను. ఆ ఇంట్లో వంట మావాడిది. ఆవిడ గురుగ్రామ్ ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరదు. "దీపం సరే, నూనె పోసేదెవరో కూడా రాయించండి" అంది. అదీ పోయింది.

ఫ్రిజ్‌కు మాత్రం చప్పున కుదిరింది: 'పొరుగింటి పుల్లకూర రుచి'. ఇప్పుడున్న అద్దింటి ఎదురు ఫ్లాట్ పంజాబీవాళ్ల రాజ్మా గిన్నె అప్పటికే ఫ్రిజ్‌లో ఉంది, మనవాళ్ల గోంగూర అక్కడికి వెళ్లింది. అర్థం చెప్పగానే ఆ ఇంటి పెద్దావిడ "ఘర్ కీ ముర్గీ దాల్ బరాబర్" అని అందుకుంది. మూడు ముక్కల మాట, తిండి సంగతి, పొరుగువాళ్లకూ అందింది. ఫ్రిజ్‌కు ఇంకేం కావాలి?

ఒత్తు జారితే

ప్రింటింగ్ షాపులో తెలుగు చదివేవాళ్లు లేరు. మొదటి నమూనాలో ఒత్తు కిందికి దిగక 'పుల్‌లకూర' అయింది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌కు మన ఒత్తులు తెలియవు. రెండోసారి నేనే మండలి ఫాంటులో రాసి పీడీఎఫ్ చేసి పంపాను. ఒత్తు నిలిచింది. కానీ మూడు వరసలుగా పేర్చడంతో 'పుల్ల' కింది ఒత్తు, 'రుచి' పైన గుడి ఒకదాన్నొకటి తాకాయి. వరసల మధ్య జాగా పెంచాక కుదిరింది. మరో జాగ్రత్త: గాజు తలుపు ఫ్రిజ్‌కు, కొన్ని స్టీలు తలుపులకు మాగ్నెట్ అంటుకోదు. ఇంట్లో ఉన్న ఏ అయస్కాంతంతోనైనా ముందే చూసుకోండి.

ఇక గోడ. ఆ మాట వెతకనక్కర్లేకపోయింది. మావాడి అమ్మ ఎవరొచ్చినా గుమ్మంలోనే "రండి, భోంచేద్దాం" అంటుంది. పలక మీద అదే రాయించాం. కానుక ఇచ్చే ముందు ఆ ఇంట్లో ఒక పూట కూర్చోండి. ఇంట్లో ఎవరూ నోటితో అనని మాటను గోడకెక్కించకండి.