మూడు గంటల ఆడియో, పది సెకన్ల ముక్కలు

సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో రికార్డు చేసిన మూడు గంటల ప్రవచనం దాదాపు 173 ఎంబీల ఫైలవుతుంది. దాన్ని అలాగే వెబ్‌సైట్‌లో పెడితే మొత్తం దిగేదాకా వినడం కుదరదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఫైలులో ఎక్కడినుంచి ఎక్కడిదాకా కావాలో బ్రౌజరు అడగగలదు, సర్వరు ఆ మేరకే పంపగలదు. అసలు చిక్కు ఆ ఫైలుకు ఒకే నాణ్యత ఉండటంలో ఉంది. బస్సు ఊరు దాటి సిగ్నల్ సన్నగిల్లితే మాట ఆగి ఆగి వస్తుంది. ఆ భయంతో తక్కువ నాణ్యత ఫైలు పెడితే, ఇంట్లో వైఫై ఉన్నవాళ్లు కూడా అదే వినాలి.

దీనికి వాడుకలో ఉన్న మార్గం ఆపిల్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్. ఇందులో ప్రవచనాన్ని 128, 48 కిలోబిట్లలో రెండుసార్లు తయారుచేసి, రెండింటినీ పదేసి సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో వరుసలో సుమారు 1080 ముక్కలొస్తాయి. ఏ వరుసలో ఏ ముక్క తర్వాత ఏదో m3u8 అనే చిన్న జాబితా ఫైలు చెబుతుంది. దాని మొదలు ఇలా ఉంటుంది:

```
#EXTM3U
#EXT-X-VERSION:3
#EXT-X-TARGETDURATION:10
#EXT-X-PLAYLIST-TYPE:VOD
#EXTINF:10.008,
seg0000.ts
```

పది సెకన్లు అన్నాక ఆ 0.008 ఎందుకు? ఏఏసీ ఆడియోను 1024 నమూనాల ఫ్రేములుగా కూరుస్తారు, ఫ్రేము మధ్యలో కోయడం కుదరదు. సెకనుకు 44,100 నమూనాలుంటే 431 ఫ్రేములకు 10.008 సెకన్లవుతుంది. శ్రోత రెండు గంటల పది నిమిషాల దగ్గరికి జరిపితే, ప్లేయరు ఈ నిడివులను కూడుకుంటూ పోయి 780వ ముక్క దగ్గర తేలుతుంది, అక్కడినుంచే తెప్పించుకుంటుంది.

నాణ్యత మార్చాలా వద్దా అన్నది సర్వరు నిర్ణయం కాదు, ప్లేయరుది. పెద్ద వరుసలో ఒక్కో ముక్క 160 కేబీ. అది రెండు సెకన్లలో దిగితే ఇబ్బందేమీ లేదు. పన్నెండు సెకన్లు పట్టిందంటే, వినడానికి పది సెకన్లే ఉన్న ముక్కకు పన్నెండు ఖర్చయ్యాయి, ముందుగా దాచుకున్న నిల్వ కరిగిపోతోందన్న మాట. అప్పుడు తర్వాతి ముక్కను 48 వరుస నుంచి అడుగుతుంది. అది 60 కేబీయే కాబట్టి అదే వేగంలో నాలుగున్నర సెకన్లలో వచ్చేస్తుంది. గొంతు కాస్త పలచబడుతుంది గానీ మాట తెగదు.

అతుకులు వినిపించకూడదంటే మొత్తం ఆడియోను ముందు ఎన్‌కోడ్ చేసి ఆ తర్వాతే కోయాలి. ముందే కోసిన ముక్కలను విడివిడిగా ఎన్‌కోడ్ చేస్తే ప్రతి ముక్క మొదట్లో ఎన్‌కోడరు కొంత నిశ్శబ్దం చేరుస్తుంది, ప్రతి పది సెకన్లకూ చిన్న టిక్కుమనే చప్పుడు వస్తుంది. రెండు వరుసల్లోనూ నమూనాల వేగం, కోడెక్ ఒకటే అయితే వరుస మారినప్పుడూ చప్పుడు రాదు.

సఫారీ హెచ్‌ఎల్‌ఎస్‌ను నేరుగా పలికిస్తుంది. మిగతా బ్రౌజర్ల కోసం చాలా సైట్లు hls.js అనే లైబ్రరీని పెట్టుకుంటాయి. దాని అమరికలు వీడియోను దృష్టిలో పెట్టుకుని చేసినవి. నిల్వను ఎంబీల్లో లెక్కేస్తుంది గనుక, సన్నని ఆడియో అయితే పది నిమిషాల గరిష్ఠ హద్దు దాకా ముందే దించేస్తుంది. రెండు నిమిషాలు విని వెళ్లిపోయిన శ్రోత డేటాలో పది ఎంబీల దాకా వృథా. maxMaxBufferLength విలువను అరవై సెకన్లకు తగ్గిస్తే ఇది పోతుంది. చాలామంది ఈ అమరిక జోలికే వెళ్లరు.

ఏది ఎలా నడుస్తోందో బ్రౌజరులోని డెవలపర్ టూల్స్‌లో, నెట్‌వర్క్ ట్యాబ్‌లో కనిపిస్తుంది. అక్కడే వేగాన్ని కావాలని తగ్గించి, కొత్త ముక్కలు 48 వరుస నుంచి వస్తున్నాయో లేదో చూడవచ్చు. ఎంత తగ్గించినా 128 వరుసే వస్తోందంటే, పై జాబితాలో రెండో వరుస నమోదు కాలేదేమో మొదట చూడాలి. ఆడియో మరో డొమైన్‌లో ఉంటే, ఆ సర్వరు అనుమతి హెడరు ఇవ్వనప్పుడు hls.jsకు జాబితా కూడా అందదు, కన్సోల్‌లో ఎర్రగా సీఓఆర్ఎస్ లోపం కనిపిస్తుంది.

ఇరవై నిమిషాల ఆడియోకు ఇంత హంగు అక్కర్లేదు, ఒక్క ఫైలు చాలు. పాడ్‌కాస్ట్ యాప్‌లు సాధారణంగా ఫీడ్‌లో ఒకే ఫైలు లింకును ఆశిస్తాయి, ఆఫ్‌లైన్‌లో వినేవాళ్లకూ అదే సులువు. అందుకే ముక్కలు చేసిన సైట్లు కూడా డౌన్‌లోడ్ కోసం పూర్తి ఎంపీ3ని పక్కన ఉంచడమే మేలు.